ల్యాగింగ్ పోగు ముక్కలుగా తయారవుతుందని అసలు ఎలా కనిపెట్టారు?

మాధవి_బోటనీ

అందరికీ నమస్కారం. నేను ఇంటర్ బైపీసీ పిల్లలకు బోటనీ చెబుతాను. నిన్న డీఎన్ఏ ప్రతికృతి పాఠంలో బోర్డు మీద జంట పోగులు విడిపోయే ఫోర్క్ బొమ్మ వేశాను. లీడింగ్ పోగు ఏకధాటిగా పెరుగుతుందని, ల్యాగింగ్ పోగు చిన్న చిన్న ముక్కలుగా తయారై ఆ తర్వాత లైగేజ్ అనే ఎంజైమ్ వల్ల అతుక్కుంటుందని చెప్పాను. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఆ ముక్కలు వెంటనే అతుక్కుపోతాయన్నారు కదా. అతుక్కుపోయాక మొత్తం ఒకే పోగు. మరి మొదట్లో అవి ముక్కలని ఎవరికి ఎలా తెలిసింది?" అని అడిగింది.

ఒకజాకి అనే జపాన్ శాస్త్రవేత్త కనుగొన్నాడని మాత్రం చెప్పగలిగాను. ఆ పిల్ల అడిగింది పేరు కాదు, పద్ధతి. సోమవారం క్లాసులో సరిగ్గా చెప్పాలని ఉంది. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెబుతారా?

కిరణ్_లాంగ్‌టర్మ్

మేడమ్, నేను నీట్ లాంగ్‌టర్మ్‌లో ఉన్నాను. మాకు చెప్పింది ఇది. పాత పోగుల్లో 3′ నుంచి 5′ వైపు ఉన్నది ఎప్పుడూ లీడింగ్‌కు మూస, 5′ నుంచి 3′ వైపు ఉన్నది ఎప్పుడూ ల్యాగింగ్‌కు మూస. ల్యాగింగ్ పోగు నెమ్మదిగా తయారవుతుంది కాబట్టే ఆ పేరు. ముక్కలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసి ఉంటారని అనుకుంటున్నాను.

శ్రీధర్_ఎం

మాధవి గారూ, చాలా మంచి ప్రశ్న. ఆ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. నేను పీహెచ్‌డీలో ఐదేళ్లు బ్యాక్టీరియా డీఎన్ఏ ప్రతికృతి మీదే పనిచేశాను, ఈ ప్రయోగమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. కిరణ్ రాసినదాంట్లో కొంత సరే, కొంత కాదు. ముందు మీ ప్రశ్నకు వస్తాను.

ఇది చేసింది నగోయా యూనివర్సిటీలో రెయిజి ఒకజాకి, సునెకో ఒకజాకి దంపతులు, వాళ్ల బృందం. 1960ల రెండో సగంలో చేశారు, ముఖ్యమైన పేపర్ 1968లో వచ్చింది. మైక్రోస్కోప్‌లో చూసింది కాదు. వాళ్ల ఆలోచన ఏమిటంటే, ముక్కలు అతుక్కునేలోపే పట్టుకోవాలి. అంటే సరిగ్గా ఇప్పుడే పుట్టిన డీఎన్ఏకు మాత్రమే గుర్తు పడాలి, పాతదానికి పడకూడదు.

అందుకని పెరుగుతున్న ఈ. కోలై బ్యాక్టీరియాకు ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ ఉన్న థైమిడిన్‌ను కొన్ని సెకన్లు మాత్రమే ఇచ్చారు. థైమిడిన్ డీఎన్ఏలోకి పోతుంది, ఆర్ఎన్ఏలోకి పోదు. కాబట్టి రేడియో గుర్తు పడ్డ ప్రతిదీ ఆ కొద్ది సెకన్లలో కట్టిన డీఎన్ఏయే. ఆ తర్వాత ఒక్కసారిగా చల్లార్చి అంతా ఆపేశారు. డీఎన్ఏను బయటికి తీసి, క్షారం కలిపిన చక్కెర ద్రావణపు గ్రేడియెంట్ మీద పోసి, అల్ట్రా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పారు. క్షారంలో జంట పోగులు విడిపోతాయి. పొడవైన పోగు గొట్టంలో త్వరగా కిందికి దిగుతుంది, పొట్టి ముక్క పైనే ఉండిపోతుంది. గొట్టం అడుగున సూదితో పొడిచి చుక్కలు చుక్కలుగా సేకరించి, ఏ చుక్కలో ఎంత రేడియో గుర్తు ఉందో లెక్కపెడితే చాలు.

కొద్ది సెకన్లే గుర్తు ఇచ్చినప్పుడు రేడియో గుర్తు గొట్టం పైభాగంలో ఉంది. పొడవు 1,000 నుంచి 2,000 న్యూక్లియోటైడ్‌లు. ఇంకాస్త ఎక్కువసేపు ఇచ్చినకొద్దీ గుర్తు కిందికి, అంటే పొడవైన పోగుల్లోకి జరిగింది. పుట్టినప్పుడు పొట్టి, కాసేపటికి పొడుగు. మీ విద్యార్థిని అడిగిన దానికి జవాబు ఇదే.

మాధవి_బోటనీ

శ్రీధర్ గారూ, ఇంత స్పష్టంగా నాకు ఎవరూ చెప్పలేదు. ఒక చిన్న అనుమానం. ఈ. కోలై ఫోర్క్ సెకనుకు సుమారు 1,000 న్యూక్లియోటైడ్‌లు కదులుతుందని చదివాను. అప్పుడు 1,500 పొడవున్న ముక్క ఒకటిన్నర సెకనులో పూర్తవుతుంది. అంత తక్కువ సమయంలో మనిషి చేత్తో గుర్తు కలిపి, మళ్లీ ఆపడం ఎలా కుదిరింది?

శ్రీధర్_ఎం

ఆ వేగం 37 డిగ్రీల దగ్గర. వాళ్లు బ్యాక్టీరియాను 20 డిగ్రీల దగ్గర పెంచారు. చల్లదనంలో అన్నీ నెమ్మదిస్తాయి, కాబట్టి ఐదు సెకన్లు, పది సెకన్లు అనేవి పనికొచ్చే వ్యవధులయ్యాయి. ఇంత చిన్న మార్పు లేకపోతే ఈ ప్రయోగం ఆ రోజుల్లో సాధ్యమయ్యేది కాదేమో.

బోర్డు మీద వేయడానికి ఒక లెక్క ఇస్తాను. లెక్క తేలిక కావడానికి చల్లదనంలో ఫోర్క్ సెకనుకు 200 కదులుతుందని పెట్టుకుందాం. ఐదు సెకన్లు గుర్తు ఇచ్చారు. ఫోర్క్ 1,000 న్యూక్లియోటైడ్‌ల దూరం జరిగింది. లీడింగ్ పోగుకు చివర 1,000 మేర గుర్తు పడింది, కానీ ఆ 1,000 అప్పటికే లక్షల పొడవున్న పోగుకు అతుక్కునే ఉంది. కాబట్టి క్షారంలో కూడా అది పొడవైన పోగుగానే కిందికి దిగాలి. ల్యాగింగ్ వైపు కూడా 1,000 మేర గుర్తు పడింది, కానీ అది విడి ముక్కల్లో ఉంది. కాబట్టి అది పైన నిలవాలి. అంటే సగం గుర్తు పైన, సగం కింద కనిపించాలి.

ఈ "సగం సగం" అనే మాట గుర్తుపెట్టుకోండి. దాని దగ్గరికి మళ్లీ రావాలి.

వెంకటరత్నం_రైల్వే

అయ్యా, నేను రైల్వేలో పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్‌గా రిటైర్ అయ్యాను. మనవరాలి పుస్తకం చూసి ఈ చర్చలోకి వచ్చాను. మా లైన్లో కూడా 13 మీటర్ల పట్టాలు తెచ్చి థర్మిట్‌తో వెల్డింగ్ చేసి పొడుగు చేస్తాం కాబట్టి ముక్కలు అతకడం నాకు బాగానే అర్థమైంది. అర్థం కానిది వేరే. ప్రతి వెల్డూ ఒక బలహీనమైన చోటు. తప్పించుకోగలిగితే ఎవరైనా తప్పించుకుంటారు. ఈ ఫోర్క్ ఆ చివరిదాకా తెరుచుకునే వరకు ఆగి, అప్పుడు ఆ చివరి నుంచి వెనక్కి ఒకే పోగుగా కట్టేస్తే ఒక్క అతుకూ ఉండదు కదా? ఎందుకింత అవస్థ?

శ్రీధర్_ఎం

వెంకటరత్నం గారూ, ఈ ప్రశ్న మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పీహెచ్‌డీ విద్యార్థులు కూడా అడగరు.

ఈ. కోలై క్రోమోజోమ్ వలయంలా ఉంటుంది, సుమారు 46 లక్షల బేస్ జతలు. ప్రతికృతి ఒకచోట మొదలై రెండు ఫోర్క్‌లుగా రెండు వైపులా సాగుతుంది. ఒక్కొక్క ఫోర్క్ 23 లక్షలు దాటాలి. సెకనుకు 1,000 చొప్పున 2,300 సెకన్లు, అంటే 38 నిమిషాలకు పైనే. మీరు చెప్పినట్టు ఆగితే అంతసేపూ 23 లక్షల పొడవున ఒంటి పోగు బయటపడి ఉంటుంది. జంట పోగులో ఒకదానికి దెబ్బ తగిలితే రెండోదాన్ని చూసి బాగు చేసుకోవచ్చు. ఒంటి పోగు తెగితే క్రోమోజోమే తెగినట్టు, చూసి రాసుకోవడానికి జత లేదు. పైగా ఆ ఒంటి పోగును కప్పి ఉంచే ప్రోటీన్ కణంలో అంత నిల్వ ఉండదు. ముక్కల పద్ధతిలో అయితే ఏ క్షణంలోనైనా తెరిచి ఉండేది ఒకటి రెండు వేలే.

కానీ మీరు ఊహించినటువంటి పద్ధతి నిజంగా ఒకచోట ఉందని చాలామంది నమ్ముతారు, అది మన ఒంట్లోనే. మన మైటోకాండ్రియా డీఎన్ఏ చిన్న వలయం, 16,569 బేస్ జతలు. అందులో ఒక పోగు ముందు మొదలై దాదాపు మూడింట రెండు వంతులు నడిచాక, అప్పుడు తెరుచుకున్న రెండో మొదలుస్థానం నుంచి రెండో పోగు ఎదురు దిశలో మొదలవుతుంది. ముక్కలు అక్కర్లేదు. ఇందులో కూడా వాదాలున్నాయి, వేరే రకంగా జరుగుతుందనేవాళ్లూ ఉన్నారు. అయినా వలయం చిన్నదైతే మీ పద్ధతి పనిచేయగలదు, 23 లక్షల దూరానికి పనిచేయదు.

వెంకటరత్నం_రైల్వే

ఇప్పుడు తెలిసింది. లైను మొత్తం విప్పేసి చివరి నుంచి వేసుకుంటూ వస్తామంటే ట్రాఫిక్ బ్లాక్ ఎవరూ ఇవ్వరు. కొంత విప్పి, కొంత వేసి, అతికి, ముందుకు పోవాలి.

కిరణ్_లాంగ్‌టర్మ్

శ్రీధర్ సార్, నేను రాసినదాంట్లో ఏది తప్పో చెప్పలేదు. రెండు రోజుల్లో టెస్ట్ ఉంది, టెన్షన్‌గా ఉంది.

శ్రీధర్_ఎం

సారీ తమ్ముడూ, చెబుతాను. కాగితం తీసుకో.

పై గీత ఒక పాత పోగు, ఎడమ చివర 5′, కుడి చివర 3′ అని రాయి. కింది గీత దాని జత, ఎడమ 3′, కుడి 5′. మధ్యలో మొదలుస్థానం. అక్కడి నుంచి ఒక ఫోర్క్ కుడికి, ఒకటి ఎడమకు. కొత్త పోగు 5′ నుంచి 3′ వైపు మాత్రమే పెరుగుతుంది, అంటే మూసను 3′ నుంచి 5′ వైపు చదవాలి. పై గీతను అలా చదవాలంటే కుడి నుంచి ఎడమకు నడవాలి. ఎడమ ఫోర్క్ కూడా ఎడమకే పోతోంది, కాబట్టి అక్కడ పై గీత మీద లీడింగ్. కుడి ఫోర్క్ కుడికి పోతోంది, చదివేది మాత్రం ఎడమకు, కాబట్టి అక్కడ అదే పై గీత మీద ల్యాగింగ్. కింది గీతకు సరిగ్గా తిరగేసి.

అంటే ఒకే పాత పోగు ఒక పక్క లీడింగ్‌కు, ఇంకో పక్క ల్యాగింగ్‌కు మూస అవుతుంది. నువ్వు చెప్పిన నియమం ఒక ఫోర్క్‌ను మాత్రమే చూసి, అది కదిలే దిశ నుంచి చదివితే సరైనదే. "ఎప్పుడూ" అనే మాటే తప్పు.

నెమ్మది అనేది మాత్రం పూర్తిగా తప్పు. రెండు పోగులూ ఒకే వేగంతో సాగుతాయి, లేకపోతే ఫోర్క్ వెనక ఒంటి పోగు పెరుగుతూ పోతుంది. ల్యాగింగ్ పోగు ఒక ముక్క వెనకపడి ఉంటుంది, అంతే. పోగులు కట్టే రెండు పాలిమరేజ్ ఎంజైమ్‌లూ ఒకే యంత్రానికి బిగించి ఉంటాయి. ల్యాగింగ్ మూస వెనక్కి మడత పడి ఉచ్చులా తిరుగుతుంది కాబట్టి దాని పాలిమరేజ్ కూడా ఫోర్క్‌తో పాటే ముందుకు పోగలుగుతుంది. ముక్క పూర్తవగానే ఉచ్చు వదులుతుంది, కొత్త ముక్కకు కొత్త ఉచ్చు. బ్రూస్ ఆల్బర్ట్స్ ప్రతిపాదించిన ఈ నమూనాకు ట్రాంబోన్ మోడల్ అని పేరు.

పద్మజ_ఎమ్మెస్సీ

ఇక్కడ లైగేజ్ గురించి తెలిసినవాళ్లున్నారు కాబట్టి నా బాధ చెప్పుకుంటాను, పక్కదారి అయితే క్షమించండి. మూడు వారాలుగా నా లైగేషన్ పనిచేయడం లేదు. టీ4 లైగేజ్, 16 డిగ్రీలు, రాత్రంతా. ప్లేటు మీద కాలనీలు సున్నా. ఎంజైమ్ పాడైందని కొత్తది కూడా తెప్పించాం. మా సీనియర్ బఫర్‌ను మాటిమాటికీ గడ్డకట్టించి కరిగించడం వల్ల అందులో ఏటీపీ పోయిందంటున్నాడు. కొత్త బఫర్‌తోనూ అదే ఫలితం. ఏం చేయాలి?

మాధవి_బోటనీ

పద్మజ గారూ, పక్కదారి ఏమీ కాదు. పిల్లలకు చెప్పడానికి నాకూ ఇది పనికొస్తుంది.

శ్రీధర్_ఎం

పద్మజా, మీ సీనియర్ చెప్పింది నిజంగా తరచూ జరిగేదే. టీ4 లైగేజ్‌కు శక్తి ఏటీపీ నుంచి వస్తుంది. (ఈ. కోలై సొంత లైగేజ్ అయితే ఏటీపీ బదులు ఎన్ఏడీ వాడుతుంది.) కానీ కొత్త బఫర్‌తో కూడా రాలేదంటే వేరే చూడాలి. నాలుగు సంగతులు చెప్పండి. ఇన్సర్ట్ ఎలా తయారు చేశారు? ప్రైమర్లు మామూలువేనా? చివర్లు జిగటవా, మొద్దువా? వెక్టర్‌కు ఫాస్ఫటేజ్ వేశారా?

పద్మజ_ఎమ్మెస్సీ

ఇన్సర్ట్ పీసీఆర్‌తో చేశాను, మొద్దు చివర్లు. ప్రైమర్లు మామూలువే, ఆర్డర్ పెట్టినప్పుడు ప్రత్యేకంగా ఏమీ అడగలేదు. వెక్టర్ తనకు తానే అతుక్కోకుండా ఫాస్ఫటేజ్ వేశాను.

శ్రీధర్_ఎం

దొరికింది. లైగేజ్ ఒక చివర 3′ హైడ్రాక్సిల్‌ను, ఇంకో చివర 5′ ఫాస్ఫేట్‌ను కలుపుతుంది. ముందు ఎంజైమ్ ఏటీపీలోంచి ఏఎంపీని తన మీద ఎక్కించుకుంటుంది, ఆ ఏఎంపీని 5′ ఫాస్ఫేట్ మీద పెడుతుంది, అప్పుడు పక్క ముక్క 3′ హైడ్రాక్సిల్ వచ్చి ఆ ఫాస్ఫేట్‌ను పట్టుకుంటుంది, ఏఎంపీ బయటికి పోతుంది. 5′ ఫాస్ఫేట్ లేకపోతే రెండో అడుగే పడదు.

మీ వెక్టర్ చివర్ల ఫాస్ఫేట్‌ను మీరే ఫాస్ఫటేజ్‌తో తీసేశారు. మామూలుగా తయారు చేసి పంపే ప్రైమర్ల 5′ చివర ఫాస్ఫేట్ ఉండదు, అందుకని మీ ఇన్సర్ట్‌కూ లేదు. అతకాల్సిన రెండు వైపులా ఒక్క ఫాస్ఫేట్ కూడా లేదు. ఎన్ని ఎంజైమ్‌లు తెప్పించినా అతకదు.

టీ4 పాలీన్యూక్లియోటైడ్ కైనేజ్‌తో ఇన్సర్ట్‌కు ఫాస్ఫేట్ పెట్టి చూడండి. పక్కనే కోసిన వెక్టర్‌ను ఫాస్ఫటేజ్ వేయకుండా లైగేజ్‌తో ఒక కంట్రోల్ పెట్టండి. అందులో కాలనీలు బోలెడన్ని వస్తే లైగేజ్, బఫర్, కణాలు మూడూ బాగున్నట్టు.

మాధవి_బోటనీ

అయితే కణంలో ఒకజాకి ముక్కలకు ఆ ఫాస్ఫేట్ ఎక్కడిది? ప్రతి ముక్క ముందు ఆర్ఎన్ఏ ప్రైమర్ ఉంటుంది కదా?

శ్రీధర్_ఎం

మాధవి గారూ, అక్కడే ఈ కథలో పనితనం ఉంది. ఈ. కోలైలో ప్రైమేజ్ పదీ పన్నెండు న్యూక్లియోటైడ్‌ల ఆర్ఎన్ఏ పెడుతుంది, దాని నుంచి డీఎన్ఏ పాలిమరేజ్ 3 ముక్క కట్టుకుంటూ వచ్చి ముందటి ముక్క ప్రైమర్‌కు తగిలి ఆగుతుంది. ఇప్పుడు అక్కడ ఒక పక్క డీఎన్ఏ, ఇంకో పక్క ఆర్ఎన్ఏ, మధ్య ఖాళీ లేదు. అయినా లైగేజ్ ఆ చోటిని మామూలుగా అతకదు, ముందు ఆర్ఎన్ఏ పోవాలి.

అప్పుడు పాలిమరేజ్ 1 వస్తుంది. ఇది ముందున్న ఆర్ఎన్ఏను కోసుకుంటూ, వెనక డీఎన్ఏ పెట్టుకుంటూ పోతుంది. అతుకు చోటు ముందుకు ముందుకు జరుగుతుంది. ఆర్ఎన్ఏ మొత్తం పోయి డీఎన్ఏ తగిలాక లైగేజ్ అతికేస్తుంది. పాలిమరేజ్ 1 కోసినప్పుడు మిగిలిన ముక్క చివర 5′ ఫాస్ఫేట్ ఉండేలాగే కోస్తుంది. పద్మజ ల్యాబ్‌లో కైనేజ్‌తో పెట్టాల్సిన ఫాస్ఫేట్, కణంలో కోతతోనే సిద్ధమవుతుంది.

ఇదంతా కాగితం మీద ఊహ కాదు. పాలిమరేజ్ 1 లోపించిన ఈ. కోలై రకంలో పొట్టి ముక్కలు అతుక్కోవడం బాగా ఆలస్యమవుతుంది, గుర్తు ఎక్కువసేపు గొట్టం పైనే ఉంటుంది. లైగేజ్‌కైతే ఇంకా సూటి రుజువు ఉంది. ఒకజాకి బృందం 1968లోనే టీ4 ఫేజ్ అనే బ్యాక్టీరియా వైరస్ మ్యూటెంట్ ఒకటి వాడింది. దాని లైగేజ్ మామూలు వేడిలో పనిచేస్తుంది, వేడి పెంచితే ఆగిపోతుంది. ఆ వేడిలో పొట్టి ముక్కలు పేరుకుపోయాయి. మళ్లీ చల్లబరిస్తే అవి పొడవైన పోగుల్లోకి కలిసిపోయాయి. మీ విద్యార్థినికి ఇది చెబితే చాలా నచ్చుతుంది. అతికేవాణ్ణి ఆపితే ముక్కలు ముక్కలుగానే మిగిలిపోతాయి, మళ్లీ వదిలితే అతుక్కుంటాయి.

కిరణ్_లాంగ్‌టర్మ్

సార్, ఒక్క ప్రశ్న. వాళ్ల గొట్టంలో ప్రైమర్ ఆర్ఎన్ఏ కనిపించలేదా? 1968లోనే ప్రైమర్ సంగతి కూడా తెలిసిందా?

శ్రీధర్_ఎం

బాగా పట్టుకున్నావు. కనిపించలేదు. గ్రేడియెంట్‌లో క్షారం ఉందన్నాను కదా, క్షారం ఆర్ఎన్ఏను కరిగించి ముక్కలు చేసేస్తుంది. కాబట్టి పోగులను విడదీయడానికి వాడిన క్షారమే ప్రైమర్‌ను చెరిపేసింది. ప్రైమర్ ఆర్ఎన్ఏ అనేది ఆ తర్వాతి సంవత్సరాల్లో వేరే పద్ధతులతో తేలింది. రెయిజి ఒకజాకి హిరోషిమాలో పుట్టి పెరిగినవారు, బాంబు పడినప్పుడు అక్కడే పిల్లవాడు. 1975లో లుకేమియాతో 44 ఏళ్లకే పోయారు. సునెకో ఆ పని ఆపకుండా ప్రైమర్ సంగతిని ముందుకు నడిపించారు. పాఠంలో "ఒకజాకి ముక్కలు" అన్నప్పుడల్లా ఇద్దరినీ తలుచుకోవాలని నా కోరిక.

మాధవి_బోటనీ

తప్పకుండా చెబుతాను. నేను ఇన్నేళ్లుగా ఆయన ఒక్కరి పేరే చెప్పాను.

"సగం సగం" దగ్గరికి మళ్లీ వస్తామన్నారు. నిజంగా సగం పైన, సగం కింద కనిపించిందా?

శ్రీధర్_ఎం

లేదు. ఇక్కడ పాఠ్యపుస్తకాలు మౌనంగా దాటేసే చోటు ఉంది.

కొద్ది సెకన్ల గుర్తు ఇచ్చినప్పుడు సగం కాదు, దాదాపు గుర్తు మొత్తం పొట్టి ముక్కల్లోనే కనిపించింది. ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే, రెండు పోగులూ ముక్కలుగానే తయారవుతున్నాయన్నమాట. లీడింగ్ అనే పోగే లేదనాలి. మరోవైపు, శుద్ధి చేసిన ఎంజైమ్‌లతో గొట్టంలో ప్రతికృతి చేయిస్తే లీడింగ్ పోగు ఏకధాటిగా, పొడుగ్గా వస్తుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరలేదు.

1977 ప్రాంతంలో ఒక కారణం దొరికింది. కణంలో యురాసిల్ ఉన్న డీయూటీపీ కొంచెం ఎప్పుడూ ఉంటుంది, పాలిమరేజ్ అప్పుడప్పుడు థైమిన్ బదులు యురాసిల్‌ను పెట్టేస్తుంది. మరమ్మతు ఎంజైమ్ వచ్చి ఆ యురాసిల్‌ను తీసేస్తుంది, అక్కడ పోగు తెగుతుంది, తర్వాత అతుకుతుంది. అంటే లీడింగ్ పోగు ఏకధాటిగా తయారై, ఆ వెంటనే మరమ్మతులో తెగి, మనకు ముక్కలుగా కనిపిస్తోంది. కానీ యురాసిల్‌ను తీసే ఎంజైమ్ లేని బ్యాక్టీరియాలో చూసినా పొట్టి ముక్కలు పోలేదు. కాబట్టి అది ఒక్కటే కారణం కాదు.

తర్వాత అనుమానం ఇంకోదాని మీద పడింది. పాలిమరేజ్ పొరపాటున డీఎన్ఏలో అక్కడక్కడ ఆర్ఎన్ఏ అక్షరాన్ని పెట్టేస్తుంది, ఆర్‌ఎన్ఏస్ హెచ్2 అనే ఎంజైమ్ దాన్ని కోసి తీస్తుంది. 2019లో ఇల్లినాయ్ యూనివర్సిటీ నుంచి వచ్చిన పనిలో, లైగేజ్‌ను ఆపిన ఈ. కోలైలో ఈ కోతను కూడా ఆపితే లీడింగ్ పోగు ముక్కలు బాగా పొడుగయ్యాయి. అంటే లీడింగ్ పోగు దాదాపు ఏకధాటిగానే తయారవుతోంది, కోత తర్వాత పడుతోంది.

అనంత్_ప్రొటీన్

శ్రీధర్ గారితో ఒక్క చోట విభేదిస్తాను. మూసలో దెబ్బ తగిలిన చోటు వస్తే లీడింగ్ పాలిమరేజ్ అక్కడే చిక్కుకుపోదు, ప్రైమేజ్ దాని ముందు కొత్త ప్రైమర్ పెట్టగలదని శుద్ధి చేసిన ఎంజైమ్‌లతోనే 2006లో చూపించారు. అంటే లీడింగ్ వైపు కూడా మధ్యలో మళ్లీ మొదలుపెట్టే ఏర్పాటు ఉంది. మామూలు కణంలో ఇది ఎంత తరచుగా జరుగుతుందో తేలలేదు. "తయారైంది ఏకధాటిగా, తెగింది తర్వాత" అని తీర్పు చెప్పడం తొందరే అనిపిస్తుంది.

శ్రీధర్_ఎం

అనంత్ గారూ, దెబ్బలున్న చోట మీ మాట సరే, దాన్ని కాదనను. దెబ్బల్లేని మామూలు కణంలో అది ప్రధాన కారణం కాదని నా అభిప్రాయం. పక్కా రుజువు మన ఇద్దరి చేతిలోనూ లేదు.

వెంకటరత్నం_రైల్వే

అయ్యా, ఇంకొక్క మాట. ఈ. కోలైలో మొత్తం ఎన్ని అతుకులు పడతాయి? మనిషిలో ఎన్ని?

శ్రీధర్_ఎం

46 లక్షలను సగటున 1,500తో భాగిస్తే ఈ. కోలైకి సుమారు 3,000 అతుకులు. మనిషిలో ముక్కలు ఇంకా పొట్టి, 100 నుంచి 200 న్యూక్లియోటైడ్‌లే. మన కణంలో రెండు సెట్లు కలిపి దాదాపు 640 కోట్ల బేస్ జతలు. 150తో భాగించండి, ఒక్క కణం ఒక్కసారి విభజన కావడానికి నాలుగు కోట్లకు పైగా అతుకులు. అక్కడ ప్రైమర్‌ను తీసే పద్ధతి కూడా వేరు. పాలిమరేజ్ డెల్టా పాత ముక్క చివరను ఈకలా పైకి లేపుతుంది, ఫెన్1 అనే ఎంజైమ్ ఆ ఈకను కోస్తుంది, లైగేజ్ 1 అతుకుతుంది.

వెంకటరత్నం_రైల్వే

నాలుగు కోట్ల వెల్డులు! మాకు కొన్ని వేల వెల్డులకే అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించాల్సి వచ్చేది. ఇక్కడ వదిలేసిన అతుకును ఎవరు పట్టుకుంటారు?

శ్రీధర్_ఎం

అతకని చోటు తర్వాతిసారి ఫోర్క్ వచ్చేదాకా అలాగే ఉంటే, ఫోర్క్ దాని మీదుగా పోయినప్పుడు క్రోమోజోమ్ తెగిపోతుంది. అందుకే కణం దాన్ని చాలా గట్టిగా వెతుకుతుంది. ఆ వెతికే ప్రోటీన్ల గురించి రాయాలంటే ఇంకో చర్చ పెట్టాలి.

మాధవి_బోటనీ

సోమవారం క్లాసు అయింది. కిరణ్‌కు చెప్పిన గీతల బొమ్మ వేశాను, గొట్టం బొమ్మ వేశాను, టీ4 మ్యూటెంట్ కూడా చెప్పాను. సగం సగం రాలేదని చెప్పగానే ఆ అమ్మాయి మళ్లీ చెయ్యెత్తింది. "మేడమ్, గుర్తు ఇంకా తక్కువసేపు, ఒక్క సెకను ఇస్తే? మరమ్మతుకు టైమ్ ఉండదు కదా, అప్పుడు లీడింగ్ పొడుగ్గా కనిపించాలి" అంది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా?

శ్రీధర్_ఎం

ఆమె ఆలోచన సరైన దారిలోనే ఉంది. తెగడం అనేది తయారైన తర్వాత జరిగేదైతే, గుర్తు ఎంత తక్కువసేపు ఇస్తే లీడింగ్ గుర్తు అంత ఎక్కువగా కింద కనిపించాలి. ఇబ్బంది ఏమిటంటే, మనం ఆపిన తర్వాత కూడా కోత ఎంజైమ్‌లు కాసేపు పనిచేస్తూనే ఉండవచ్చు. అతుకు మాత్రం ఆగిపోతుంది. అందుకే ఆపే పద్ధతిని బట్టి ఫలితం మారిపోతుంది. ఇంత చిన్న వయసులో అంత దూరం ఆలోచించిందంటే ఆ అమ్మాయిని జాగ్రత్తగా చూసుకోండి, మేడమ్.

కిరణ్_లాంగ్‌టర్మ్

టెస్ట్‌లో ఫోర్క్ బొమ్మ వచ్చింది! మొదలుస్థానానికి ఎడమ పక్క ల్యాగింగ్ మూస ఏది అని అడిగారు. కాగితం మీద గీతలు వేసి పెట్టాను. థాంక్స్ సార్.

పద్మజ_ఎమ్మెస్సీ

కైనేజ్ వేసిన ఇన్సర్ట్‌తో నిన్న ప్లేటు మీద 14 కాలనీలు వచ్చాయి. ఫాస్ఫటేజ్ వేయని వెక్టర్ కంట్రోల్‌లో అయితే ప్లేటు నిండిపోయింది. 14లో ఇన్సర్ట్ ఉన్నవెన్నో ప్లాస్మిడ్ తీసి కోసి చూస్తే గానీ తెలియదు, రేపు జెల్ పెడతాను. మూడు వారాల తర్వాత ఇవాళే కడుపునిండా అన్నం తిన్నాను.